శౌరి మాస్టారి సన్మాన పత్రం

ప్రమోషన్ ఆర్డరు వచ్చిన నాటినుంచి శౌరి మాస్టారికి అన్నం సయించడం లేదు.

రాజుపాలెం బడిలో పద్దెనిమిదేళ్లుగా పంతులు. ఇప్పుడు క్రోసూరు బడికి హెడ్మాస్టరు. సంతోషించాల్సిన మాటే. కానీ సీనియారిటీ జాబితాలో ఆయనది రెండో పేరు. మొదటి పేరు పక్క క్లాసు దానయ్య మాస్టారిది. దానయ్యకు ఇంకా రెండేళ్ల సర్వీసే మిగిలింది. ఇప్పుడు తప్పితే ఇక మామూలు పంతులుగానే ఇంటికి పోతాడు.

"అన్నా, నీకు రావలసింది నాకెట్టా వచ్చింది?" అని అడిగాడు శౌరి.

దానయ్య చేతులకంటిన సుద్ద దులుపుకున్నాడు. "పైవాళ్ల సంగతులు మనకెందుకురా. పోయి చేరు."

అంతే. మళ్లీ ఎక్కాలు చెప్పించడంలో పడిపోయాడు. తిట్టినా బాగుండేదనిపించింది శౌరికి. తిట్టని మనిషి ముందు నిలబడటం చానా కష్టం.

నాలుగు రోజులు అలా ఈడ్చి, ఐదో రోజు ఒక కాగితం రాసుకున్నాడు. 'ఈ పదవి నాకు వద్దు. న్యాయంగా దానయ్యగారికి చెందవలసినది.' మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. శనివారం సన్మాన సభకు ఇన్స్పెక్టరుగారు వస్తారు. సభ కాగానే ఆయన చేతిలో పెట్టేస్తే పీడ వదులుతుంది.

ప్రమోషన్ మీద వెళ్లేవారికి సన్మాన పత్రం ఇవ్వడం ఆ బడిలో ఆనవాయితీ. దాన్ని దానయ్యే రాయాలి. నిజానికి రాసేదేమీ లేదు. 'మహాశయా! విద్యాదానమే ఊపిరిగా' అని మొదలయ్యే పత్రం ఒకటుంది. అందులో పేరు మార్చి నరసరావుపేట ప్రెస్సుకు పంపిస్తే గులాబీ రంగు కాగితం మీద అచ్చై వస్తుంది. ముగ్గురు హెడ్మాస్టర్లూ ఒక పోస్టుమాస్టరూ ఆ పత్రంతోనే ఊరు దాటారు. నలుగురి ఊపిరీ విద్యాదానమే.

ఈసారి రాయమని అడిగిన సాయంత్రానికే దానయ్య పత్రం ప్రెస్సుకు పంపేశాడు. ఎవరినీ ఒక్క ముక్క అడగలేదు.

"పాపం, ఆయనకు మాత్రం మనసెట్టా వస్తది?" అంది మూడో తరగతి సీతారావమ్మ. "పేరు మార్చి పంపించి చేతులు దులుపుకున్నాడు."

శౌరి విన్నాడు. తనకు అదే ఎక్కువ అనుకున్నాడు.

శనివారం ఒంటిపూట బడి అయ్యాక సభ పెట్టారు. బల్లలన్నీ వరండాలోకి చేర్చారు. ఇన్స్పెక్టరుగారు మధ్య కుర్చీలో కూర్చున్నారు. శౌరి మెడలో బంతిపూల దండ వేశారు. ఆ బరువుకు తల ఇంకా వంగింది. దానయ్య అద్దాలు తుడుచుకుని, అలసిపోయిన గొంతుతో చదవడం మొదలుపెట్టాడు. 'మహాశయా' లేదు.

"శౌరి మంచివాడని అందరూ అంటారు. మంచివాళ్లు చానామంది ఉన్నారు. అందుకని ఆయన చేసిన పనులు చెబుతాను.

"రాళ్ల గనుల్లో పనిచేసేవాళ్ల పిల్లలు పొద్దున కంకర చిప్స్ మోసి, సగం పూటయ్యాక బడికొస్తారు. వాళ్లకు పోయిన పాఠం అన్నం బెల్లులో చెప్పడం శౌరి పందొమ్మిది వందల యాభై నాలుగులో మొదలుపెట్టాడు. అప్పటినుంచి ఆయన మధ్యాహ్నం వేడన్నం తిన్నది లేదు.

"గంగమ్మ కూతుర్ని నాలుగో తరగతిలో మాన్పించి మిరపకోతకు పంపారు. శౌరి వాళ్లింటికి పదకొండుసార్లు పోయాడు. పదకొండుసార్లూ తలుపు మొహానే వేశారు. పన్నెండోసారి తీశారు. ఆ పిల్ల ఇప్పుడు గుంటూరులో నర్సు ట్రైనింగులో ఉంది.

"వానకు బడి కప్పు కారిన ఏడాది మీరా సాహెబ్‌ను బతిమాలి, ఆయన పత్తి కొట్టంలో నెలన్నర బడి నడిపాడు. హాజరు పట్టీలో ఒక్క రోజు ఖాళీ లేదు.

"యాభై ఎనిమిదిలో నా తరగతి లెక్కల్లో తాలూకాకే మొదటిదని ఇన్స్పెక్షన్లో రాశారు. ఆ ఏడు నేను టైఫాయిడ్‌తో మూడు నెలలు మంచంలో ఉన్నాను. ఆ లెక్కలు చెప్పింది శౌరి. పేరు నాకొచ్చింది. ఆయన ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అది నా తప్పు.

"హెడ్మాస్టరు పని ఆయన ఎనిమిదేళ్లనుంచి చేస్తూనే ఉన్నాడు. ఉద్యోగం ఇప్పుడొచ్చింది. అంతే తేడా."

సీతారావమ్మ కళ్లొత్తుకుంది. ఎవరూ చూడలేదనుకున్న పనులన్నీ పక్క గదిలోంచి ఒకడు చూస్తూనే ఉన్నాడని తెలిసి శౌరికి ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా ఏడ్చాడు.

సభ అయ్యాక దానయ్య పటం కట్టిన పత్రం చేతికిచ్చి, "నీ కష్టం నీకొచ్చిందిరా, నాదేం పోలా. సోమవారం చేరు," అన్నాడు.

బడి వెనక్కి పోయి, జేబులో కాగితం నాలుగు ముక్కలు చేశాడు శౌరి. పద్దెనిమిదేళ్ల అలసట కొంచెం దిగినట్టయింది. అన్నకు అన్యాయం జరిగింది నిజమే. కానీ తనకొచ్చింది మాత్రం దొంగసొమ్ము కాదు. ఆ మాత్రం తలెత్తుకుని చేరగలననుకున్నాడు.

సోమవారం పంచాయతీ సమితి ఆఫీసుకు వెళ్లి చేరిక కాగితం ఇచ్చాడు. గుమాస్తా అబ్దుల్ గఫార్ బీరువాలోంచి ఫైలు తీశాడు. ప్రమోషన్ కాగితాలన్నీ వరసగా దారంతో కుట్టి ఉన్నాయి.

"ఇక్కడ సంతకం చెయ్యండి మాస్టారూ," అని ఫైలు ఇటు తిప్పాడు.

ఆర్డరు కింది కాగితంలో, దానికి రెండు నెలల ముందు తేదీతో, దానయ్య చేతిరాతలో, 'ఉద్యోగం ఇప్పుడొచ్చింది' అన్న చివరి ముక్క తప్ప, సన్మాన పత్రంలోని మాటలే పొల్లుపోకుండా ఉన్నాయి. వాటికి పైన మాత్రం 'తమరు నాకిచ్చిన హెడ్మాస్టరు ఉద్యోగం నాకొద్దు, నా తర్వాతి పేరు శౌరికి ఇప్పించండి, కారణాలు ఇవి' అని ఉంది.