మూడో రోజు ఉపవాసం

"నాకొద్దక్కా. ఇవాళ్టికి మూడో రోజు," అన్నాడు ప్రొఫెసర్, వీధిలోని వాచ్‌మన్‌కి కూడా వినపడేలా.

ఉపవాసం మీద రాస్తున్న వ్యాసం కోసం తనే ఉపవాసం పట్టాడాయన. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. కడుపే ఇంకా ఒప్పుకోలేదు.

నాలుగు గంటలు బస్సులో వచ్చిన అక్క క్యారియర్ మూత పెట్టేసింది. "అయితే నేనూ తినను."

"విసిగించకు. తపస్సంటే నీకేం తెలుసు? అమ్మాయ్, రాసింది అత్తకి వినిపించు."

వ్యాసం టైపు చేస్తున్న కూతురు చదివింది. "'మధ్యాహ్నం దాటితే తినని బౌద్ధ భిక్షువుకైనా, రంజాన్‌లో పగలంతా నీళ్లు ముట్టని రోజాదారుకైనా ఒంటి మీద కోపం లేదు. అన్నం ముందు చెయ్యి ఆపగలిగితే, కోపంలో నోరూ ఆపగలమని ఆ సాధన.' నాన్నా, 'విసిగించకు' అన్నది ఎక్కడ చేర్చను?"

"కిందికి చదువు."

"'ఎడారిలో ఉండే పాతకాలపు క్రైస్తవ సన్యాసులు అతిథి వస్తే ఉపవాసం ఆపి కలిసి తినేవారు. తిండి మానేశానన్న గర్వం తిండియావ కంటే చెడ్డదని వాళ్ల భయం.' ఈ పేరా తీసెయ్యనా?"

ప్రొఫెసర్ ఆ మూతపెట్టిన క్యారియర్ వైపు, ప్రయాణంతో వాడిపోయిన అక్క మొహం వైపు చూశాడు.

"ఉంచు. రెండు కంచాలు తే."

ఆయన అసలు తపస్సు భోజనమయ్యాక మొదలైంది. ఉపవాసం ఎంత గొప్పగా విడిచాడో ఎవరికీ చెప్పకూడదు.