కుడి చెంప

తన పెళ్ళయిన నెలకు పత్తికొండ స్టూడియోలో తీయించుకున్న ఫోటోను ఓబులమ్మ మనవరాలి ముఖం పక్కన పెట్టి చూసింది.

చెంపకు అతుక్కున్న చెవి తమ్మెలు, నుదుటి మధ్యకు దిగిన వెంట్రుకల మొన, గడ్డం మీద సొట్ట. కొడుకుకు రాని పోలికలన్నీ మనవరాలికి వచ్చాయి.

"అచ్చం నా మాదిరే ఉండావు అవ్వా!" అంది మహిమ. పెళ్ళయ్యాక మొదటిసారి పుట్టింటికి వచ్చింది.

ఫోటోలో అవ్వలాగే ఆమె కూడా కుడి చెంపే ఇటు తిప్పి కూర్చుంది.

ఓబులమ్మ కొంగు తడిపి, మనవరాలి ఎడమ చెంప మీది పౌడరు తుడిచింది. దాని కింద నాలుగు వేళ్ళ గుర్తులు కమిలి ఉన్నాయి.

"ఆ పొద్దు ఫోటోకు నేనూ ఈ చెంపకే పౌడరు పూసుకున్యా పాపా."

బయట మహిమ మొగుడు హారన్ కొట్టాడు. మనవరాలి చెయ్యి పౌడరు డబ్బా కోసం వెతికింది.