చిరాకమ్మ వెనక వరుస

ఒళ్లు పెరిగి గుల్ల ఇరుకైంది. ఖాళీ గుల్లల్లో కాపురముండే సన్యాసి పీత చిరాకమ్మకు ఒకటే మంట. ఇసుకలో ఖాళీ గుల్ల కనిపిస్తే మీసాలతో తడిమింది, డెక్క లోపల పెట్టి కొలిచింది. మరీ పెద్దది! కోపంగా పక్కనే కూర్చుంది.

బుడ్డి అనే చిన్న పీత వచ్చి, ఆమె ఖాళీ చేస్తే తను దూరుదామని వెనకనుంచి ఆమె గుల్ల పట్టుకుంది. బుడ్డి వెనక ఇంకా చిన్నవి వరుస కట్టాయి.

“వదలవే, దొంగమొహమా!”

“నువ్వు కదలవేంటక్కా?”

“నా ఇల్లు, నా ఇష్టం!”

ఇంతలో ఓ పెద్ద పీత వచ్చి ఖాళీ గుల్లలోకి మారిపోయింది. అది వదిలిన గుల్లలోకి చిరాకమ్మ మెత్తని పొట్టను మెలితిప్పుకుంటూ వెనక్కి దూరింది. అతికినట్టు సరిపోయింది.

తిరిగి చూస్తే, ఆమె వదిలిన ఇంటి ముందు ఒంటిమీద గుల్ల లేకుండా, దూరాలా వద్దా అన్నట్టు ఆమెకేసి చూస్తూ బుడ్డి.

“చూస్తావేంటే, మొద్దూ! కాకి వస్తోంది, దూరు!”