సీలు పోయిన ఫొటో

ఫొటో పత్రికాఫీసుకు చేరేదాకా వేలు షట్టర్ బటన్ మీద ఉంటేనే, అది అసలుదని కెమెరా సీలు వేస్తుంది. సీలు లేని ఫొటోను ఎవరూ నమ్మరు, యంత్రం గీసిందంటారు.

జాతరలో బారికేడు విరిగింది. పత్రికా ఫొటోగ్రాఫర్ సారంగపాణి తొక్కిసలాటను ఒక్క ఫ్రేములో తీశాడు. జనం ఎక్కువై సిగ్నల్ అందక, ఫొటో సగమే వెళ్లింది. ఆ ఫ్రేములోనే, అతని కాళ్ల దగ్గర ఇద్దరు అక్కచెల్లెళ్లు పడి ఉన్నారు. దగ్గర్లో పోలీసు లేడు.

"అన్నా, చెయ్యియ్యే!" అంది చెల్లెలు రాజవ్వ.

కెమెరా వదిలి రెండు చేతులతో ఆమెను లాగాడు. అక్క అప్పటికే చనిపోయింది.

తొక్కిసలాట జరగలేదని అధికారులు ప్రకటించారు. మూడో రోజు రాజవ్వ పత్రికాఫీసుకొచ్చింది.

"అక్క జాతరల సచ్చినట్టు రాసియ్యమంటే, ఆఫీసర్లు ఫొటో తెమ్మంటున్నరు."

సారంగపాణి కెమెరాలోని ఫొటో చూపించాడు.

"గిది మా అక్కనే గదా?"

"అవునమ్మా. సీలు లేదు."

"ఎట్ల పోయింది?"

"సిగ్నల్ అందలేదమ్మా," అన్నాడు సారంగపాణి.