పాప సంగతి వరకే

ఇడ్లీ తుంచబోతున్న హర్ష చెయ్యి ఆగింది. ఫోను మోగుతోంది. విడిపోయిన భార్య నిరోష. ఈ వారంలో ఇది ఆరోసారి.

అతను ఫోను తీసుకుని పెరట్లోకి పోవడానికి లేచాడు. రెండో భార్య అనురాధ అడ్డం నిలబడింది.

"ఏమంటాదయ్యా ఆమె?"

"ఏందో చెప్పాలంటాది, ఏడస్తాది, పెట్టేస్తాది. అంతే."

"అంతే అయితే పెరట్లోకి ఎందుకు పోతావు?"

"నువ్వు బాధపడతావని."

"చాటుకు పోతేనే బాధ."

ఇక్కడే చాలామంది 'అదా, నేనా, తేల్చు' అని గొంతుమీద కత్తి పెడతారు. అనురాధ నోటిదాకా వచ్చిన ఆ మాటను మింగేసింది.

"ఆమె నీ బిడ్డ అశ్వితకు తల్లి. మాట్లాడొద్దు అనను. పాప సంగతైతే ఏ వేళప్పుడైనా చెయ్యమను. ఆమె సొంత ఏడుపులు మోసేదానికి మాత్రం నువ్వొద్దు. మాట్లాడేది నా ఎదురుగానే మాట్లాడు. నీది తప్పనడంలా. నాకు కష్టంగా ఉండాది, అది చెప్తుండా."

హర్ష నసగలేదు. "నిజమే. ముందే నీకు చెప్పాల్సింది" అని ఫోను ఎత్తి స్పీకరు పెట్టాడు.

బస్సు రొదలోంచి నిరోష గొంతు. "హర్షా, పాపను తెస్తుండా. నీతో ఒక్క మాట చెప్పాల."

"పాప సంగతా?"

"నా సంగతి."

"అక్కా, నేను అనురాధను" అంది ఆమె మెత్తగానే. "పాప సంగతి ఏదైనా ముగ్గురం మాట్లాడుకుందాం. మీ సొంత సంగతులు మీవాళ్లతో చెప్పుకోండి. ఏమనుకోకండి."



"న్యాయమే అనూ. పాప సంగతి వరకే."

అనురాధ గుండెలమీది బండ దిగింది. మిగిలిన ఇడ్లీ తృప్తిగా తిన్నది.

ఆత్మకూరు బస్టాండులో నిరోష మాట తప్పలేదు. హర్ష మొహం కూడా చూడలేదు.

"జ్వరం తగ్గింది. దగ్గు మందు రాత్రికి ఒక మూత. చీకటంటే భయం, లైటు తియ్యొద్దు. వంకాయ పెడితే కక్కేస్తాది."

అనురాధ అన్నీ ఫోనులో రాసుకుంది. ఏడేళ్ల అశ్విత వచ్చి ఆమె వేలు పట్టుకుంది. గెలిచాననుకుంది అనురాధ.

సంచి అందుకున్న హర్ష భుజం కుంగింది. "రెండు రోజులకు ఇంత బరువేంది?" జిప్పు లాగాడు. ఉన్న గౌన్లన్నీ, స్వెట్టరు, ఆధార్ కార్డు. అడుగున బడి వాళ్లిచ్చిన టీసీ.

తలెత్తేసరికి నిరోష బస్సు మెట్టుమీద ఉంది. తన ఊరు ఉదయగిరికి పోయే బస్సు కాదు, నెల్లూరు బస్సు.

"నిరోషా! టీసీ ఎందుకు తీసినావు?"

"అమ్మా, రేపు సాయంత్రమే గదా నువ్వు వచ్చేది?" అశ్విత అరిచింది.

నిరోష పాపవైపు తిరగలేదు. అనురాధనే చూసింది.

"నన్ను చేసుకునేవాడు నీలాంటోడు కాదు అనూ. 'పిల్లా, నేనా, తేల్చు' అన్నాడు. తేల్చినాను."