వద్దన్న ఉద్యోగం

"నీ బొమ్మల పిచ్చికోసం మీ అమ్మని రోడ్డున పడేస్తావురా?"

మేనమామ గొంతు వసారా దాకా వినబడింది. డిపో నుంచి వచ్చిన కండక్టర్లిద్దరూ తలలు వంచుకుని టీ గ్లాసుల్లోకి చూశారు. పలకరించడానికి వచ్చిన పక్కింటావిడ లేవబోయి మళ్లీ కూర్చుంది.

కుర్రాడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

తల్లి చాప మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కన్నీళ్లు ఇంకిపోయాయి. భర్త యూనిఫాం చొక్కా ఒళ్లో పెట్టుకుని ఊడిన గుండీ కుడుతోంది. ఎందుకు కుడుతున్నావని ఎవరూ అడగలేదు.

పోయిన వారం బస్టాండులో, విజిల్ ఊదుతూ బస్సును వెనక్కి తీయిస్తున్నాడు కండక్టరైన ఆమె భర్త. పక్కనుంచి వచ్చిన ఇంకో బస్సును చూసుకోలేదు. తల నేలకి కొట్టుకుంది. అంతే, మళ్లీ నోట మాట లేదు.

"సెక్రటరీగారూ, మీరైనా చెప్పండి వీడికి" అన్నాడు మేనమామ.

యూనియన్ సెక్రటరీ బట్టతల తుడుచుకున్నాడు. ఇలాంటి ఇళ్లలో ఇవే మాటలు చెప్పీ చెప్పీ అరిగిపోయిన మనిషి.

"చూడు బాబూ. సర్వీసులో ఉండగా పోయినవాళ్ల పిల్లలకే ఈ పోస్టు. రిటైరైన మర్నాడు పోయినా ఇవ్వరు. మీ నాన్న రిటైరవ్వాల్సింది ఈ నెలాఖరుకి. అదృష్టం అనకూడదు గానీ, ఇంకా ఆయన పేరు డిపో రిజిస్టరులోనే ఉంది. టికెట్ సెక్షన్లో గుమాస్తా ఖాళీ ఒకటుంది. 'మా అబ్బాయికివ్వండి, నాకు అభ్యంతరం లేదు' అని మీ అమ్మ రాసివ్వాలి. వారసుల సర్టిఫికెట్టు నేను తెప్పిస్తా. ప్రొబేషన్ పూర్తయ్యేలోగా టైపు పరీక్ష పాసైతే చాలు, ఇక నిన్ను కదిపేవాడు లేడు."

"పొద్దున్న మాకు టికెట్ మిషన్లు ఇవ్వడం, డ్యూటీ దిగాక లెక్క సరిచూసి తీసుకోవడం. నీడపట్టు పని" అన్నాడు కండక్టర్లలో పెద్దవాడు. "మీ నాన్నలా ఫుట్‌బోర్డు మీద వేలాడక్కర్లేదు."

"ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం డిపోలో ఇవ్వాలి" అన్నాడు సెక్రటరీ.

"సీటు ఖాయం చేసుకోవాలంటే డిజైన్ కాలేజీలోనూ అవే ఇవ్వాలి" అన్నాడు కుర్రాడు, మొదటిసారి నోరు విప్పి.

అదీ చిక్కు. రెండు పడవల మీద కాళ్లు పెట్టే వీల్లేదు.

ఆ సీటు ఊరికే రాలేదు. రాత పరీక్ష గట్టెక్కాక, ఒక హాల్లో కూర్చోబెట్టి అట్టముక్కా, తీగా, దారం చేతికిచ్చారు. ఒంటిచేత్తో బతికేవాడికి పనికొచ్చే వస్తువేదైనా చెయ్యమన్నారు. ఆ తర్వాత ఇంటర్వ్యూ. తను చేసిన పనులు పట్టుకెళ్లి చూపించాలి. వీడు తండ్రికోసం కుట్టిన సంచులు పట్టుకెళ్లాడు. డ్యూటీ సంచి పట్టీ కోసుకుని తండ్రి భుజం కదుముకట్టేది. బరువంతా నడుం మీద ఆనేలా, పాత ట్యూబూ కాన్వాసూ కలిపి కొత్తది కుట్టాడు. తండ్రి అది వేసుకుని డ్యూటీకి వెళ్లి, "వంగితే పొట్టలో గుచ్చుతోందిరా" అని తిరిగొచ్చేవాడు. విప్పి మళ్లీ కుట్టేవాడు. పరీక్షించే వాళ్లు బాగున్న సంచి పక్కన పెట్టి, చెడిపోయినవే తిరగేసి తిరగేసి చూశారు.

"మా బొమ్మలోడికి సీటొచ్చింది" అని ఆ రోజు బస్సంతా వినేలా చెప్పుకున్నాడట తండ్రి.

"అది చదివితే ఉద్యోగం గ్యారంటీయా?" మేనమామ నిలదీశాడు.

"కాదు."

"ఫీజో?"

"సగం మాఫీ. మిగతాది బ్యాంకు లోను. సామాన్లు మనమే కొనుక్కోవాలి. అయిపోయాక ఎక్కడో చిన్న స్టూడియోలో జీతం లేకుండా కొన్నాళ్లు చెయ్యాలి. సీనియర్లని అడిగాను. చాలామంది కొట్టు బోర్డులు వేసుకుంటున్నారు."

అబద్ధం చెప్పడం వాడికి ముందునుంచీ రాదు.

"అన్నీ తెలిసే దూకుతానంటావా? ఒరేయ్, రొట్టె విరిగి నేతిలో పడ్డట్టు ఈ పోస్టు…" మేనమామ నాలిక కరుచుకున్నాడు.

తల్లి సూదిని చొక్కాలోంచి దించి పైకి లాగింది.

"నేను సరేనన్నానురా" అంది తల్లి తలెత్తకుండా. "మనసొప్పి కాదు. నీ బతుకన్నా ఒక దారిన పడుతుందని. మీ నాన్నని అడిగినా అదే అనేవాడు."

కుర్రాడు ఆమె వంక చూశాడు. నోటిదాకా వచ్చిన మాట ఒకటుంది. అది అంటే ఆ తల్లి ఇక బతికినన్నాళ్లూ అద్దంలో మొహం చూసుకోలేదు. మింగేశాడు.

"నాకు బొమ్మలే ముఖ్యమమ్మా. స్వార్థపరుణ్ణే అనుకో."

"ఛీ!" అన్నాడు మేనమామ. "కన్నతండ్రి మీద కాస్తయినా ప్రేమ ఉన్నవాడనే మాటేనా ఇది? ఆయన వెళ్తూ వెళ్తూ నీకో దారి చూపిస్తుంటే కాలదన్నుకుంటావా?"

పక్కింటావిడ చెంపలు వేసుకుంది. సెక్రటరీ కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

అప్పుడు మేనమామ జేబులో ఫోను మోగింది. ఎత్తి విని, ఫోనుకి చెయ్యి అడ్డుపెట్టి గొంతు తగ్గించాడు.

"వాళ్లే. ఏ సంగతీ ఇప్పుడే తేల్చమంటున్నారు. సరేనన్నాడని చెప్పెయ్యనా?"

తల్లి చేతిలో సూది ఆగిపోయింది.

కుర్రాడు ముందుకొచ్చి మామయ్య చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. చెవికి ఆనించుకున్నాడు. మాట స్పష్టంగా వచ్చింది.

"మా నాన్న ఊపిరి మిషన్ ఆపకండి డాక్టరుగారూ, నేను సంతకం పెట్టడం లేదు."