బాపు భుజాల మీద

“నా ఫోటోనే పడాలె. పెద్దదాన్ని నేను,” అంటూ రెబెకా మౌస్ మీద చెయ్యి వేయబోయింది.

కార్డుల దుకాణం హనుమంతు మౌస్‌ను గభాల్న తనవైపు లాక్కున్నాడు. “అక్కా, జర ఆగు. మీరిద్దరు కొట్లాడుకుంటే నా కంప్యూటర్ పోతది.”

“పెద్దదానివైతే? బాపు రిటైర్మెంటా, నీ పెండ్లా?” అన్నాడు తమ్ముడు స్టీఫెన్.

వాళ్ల బాపు బక్కయ్య ఈ నెలాఖరుతో బొగ్గు బాయిలో గని పని నుంచి రిటైరవుతున్నాడు. ఫంక్షన్ కార్డు లోపలి పేజీలో ఇప్పటి పాస్‌పోర్టు ఫోటో, పేరు, తేదీ, భోజనాల వేళ అన్నీ కుదిరాయి. ముందు పేజీ మాత్రం ఖాళీగా ఉంది. అక్కడ చిన్నప్పటి ఫోటో ఒకటి నిండుగా వెయ్యాలని ఇద్దరూ కలిసే అనుకున్నారు. ఎవరి చిన్నప్పటిదో మాత్రం అనుకోలేదు. బెల్లంపల్లి బజారులో రెండు గంటలుగా ఇదే పంచాయితీ.

రెబెకా తెచ్చిన ఫోటో ఫ్రేములోనే ఉంది. పాతికేళ్లకు పైగా గోడమీద ఉండి అద్దానికి అతుక్కుపోయింది. పీకితే రంగంతా ఊడొస్తుందని హనుమంతు అద్దంతోనే స్కాన్ చేశాడు. సండే స్కూల్ వార్షికోత్సవం రోజు చర్చి ముందు తీసింది. ఖాకీ చొక్కా మనిషి భుజాల మీద నాలుగేళ్ల రెబెకా. తెల్ల గౌను కుచ్చులు ఆ మనిషి ముఖాన్ని దాదాపు మొత్తం కప్పేశాయి.

“గిందుల బాపు మొఖమే కనవడ్తలేదు. నీ గౌనుకు సన్మానం చేస్తరా ఏంది?” అన్నాడు స్టీఫెన్.

“నీ దాంట్ల కనవడ్తుందా?”

స్టీఫెన్ ఫోటో అతని మూడో పుట్టినరోజుది. వాళ్ల కంపెనీ క్వార్టర్ ముందు గని హెల్మెట్ పెట్టుకున్న మనిషి వాణ్ని రెండు చేతులతో గాల్లోకి ఎత్తాడు. హెల్మెట్ నీడ గడ్డం దాకా పడింది. పక్కన వాళ్ల తల్లి, అవ్వ రిబ్కమ్మ నవ్వుతోంది. దాన్ని స్టీఫెన్ వాట్సాప్‌లో పంపాడు. హనుమంతు పెద్దది చేయగానే అంతా గళ్లుగళ్లుగా చీలిపోయింది.

“అసలు ఫోటో లేకుంటే ఇది పనికిరాదన్నా. కార్డు నిలువు, నీ ఫోటో అడ్డం. నిండుగ రావాలంటే పక్కలు కోయాలె. కోస్తే అవ్వ పోతది.”

“సూసినవా? అవ్వనే కోస్తడట!” అంది రెబెకా.

స్టీఫెన్ పర్సులోంచి అసలు ఫోటో తీసి బల్లమీద పెట్టాడు. “పైన ఆకాశం కలుపు. అవ్వ పోదు.”

హనుమంతు దాన్ని స్కానర్ మీద పెట్టి, బొమ్మ స్పష్టంగా రావడానికి డీపీఐ ఆరు వందలకు పెంచి, మూత వేశాడు. “రెండూ పెడ్దామా? కిందొకటి, మీదొకటి?”

“వద్దు!” అన్నారిద్దరూ ఒక్కసారే. వాళ్లకు కుదిరిన మాట ఆ పూటకు అదొక్కటే.

గోడ గడియారం మూడున్నర దాటింది. నాలుగు లోపల ఫైలు ఖాయం కాకపోతే షీట్లు ప్రింటయ్యి, మడత గీత పడి, కోతకు పోయేసరికి రేపు సాయంత్రం దాటుతుంది. ఆదివారం ఆరాధన తర్వాత పంచాల్సిన కార్డులు.

“నీకేందిరా,” అంది రెబెకా. “నువ్వు ఎప్పుడూ బాపు దగ్గర్నే ఉన్నవ్. నన్ను ఐదో ఏటనే హాస్టల్ల ఏసిండ్రు. బాపు నన్ను ఎత్తుకున్న ఫోటో గిదొక్కటే. హాస్టల్ల ఏడుపొచ్చినప్పుడల్లా దీన్నే యాది చేసుకుంటుంటి. బాపు జుట్టు పట్టుకున్నది ఇంకా నా చేతులకు యాదికున్నది.”

“దగ్గరుంటే ఏమాయె?” స్టీఫెన్ కూడా తగ్గలేదు. “నేను లేసేసరికి బాయికి పోవుడు, వచ్చేసరికి నేను పండుడు. నాకూ గీ ఒక్కటే. నన్ను ఎత్తినప్పుడు చొక్కాకు బొగ్గు వాసన వచ్చింది. గిప్పటికీ ఎరుకే నాకు.”

రెబెకాకు కోపంతో పాటు కుళ్లు కూడా పుట్టింది. వాసన దాకా దాచుకున్నాడు వీడు! తను ఓడిపోతే కార్డు మీద తమ్ముడుంటాడు, ఊరందరి ఇళ్లలో తమ్ముడే ఉంటాడు. బాపుకు బిడ్డ కూడా ఉందని ఎవరికి గుర్తుంటుంది? ఆ ఆలోచనకే ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“బాపునే అడుగుదాం. బాపు ఏదంటే అది,” అంది.

“అడుగు. నేను రెడీ.”

ఫస్ట్ షిఫ్ట్ దిగి ఇంటికి పోతున్న బక్కయ్య, కొడుకు ఫోన్ చేయగానే బండి ఇటు తిప్పాడు. లోపలికి వచ్చి, తుండుతో మెడ తుడుచుకుని, కళ్లద్దాలు పెట్టుకున్నాడు. హనుమంతు రెండు ఫోటోలనూ తెరమీద పక్కపక్కన పెట్టాడు.

బక్కయ్య ముందుకు వంగి చాలాసేపు చూశాడు. ముందు కూతుర్ని, తర్వాత కొడుకుని.

“ఏది బాపూ?” అంది రెబెకా. “అవ్వకైతే రెండూ ఇష్టమే. ఫోటోలల్ల సూపిచ్చి సూపిచ్చి ‘గీయనే మీ బాపు’ అని మాకు చెప్తుండె.”

“మీ అవ్వ గట్ల చెప్పిందా?”

“అవ్. సెప్పు బాపూ, టైమైతుంది. ఏది పెట్టాలె?” అన్నాడు స్టీఫెన్.

బక్కయ్య కళ్లద్దాలు తీసి తుండుతో తుడవడం మొదలుపెట్టాడు. ఎంత తుడిచినా మళ్లీ పెట్టుకోలేదు.

“ఏదైనా ఒకటే బిడ్డా,” అన్నాడు. “రెండింట్ల మిమ్ముల ఎత్తుకున్నది పక్క క్వార్టర్ రాయమల్లు. గా రెండు దినాలు నేను బాయిలున్న.”